ఇంటి ప్లాస్టిక్ చెత్తను తగ్గించుకోవడంపై మన సంఘం సర్వసభ్య సమావేశంలో ప్రసంగం

అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఆదివారం సాయంత్రం పనులు పక్కనపెట్టి వచ్చిన నివాసితులందరికీ నమస్కారం.

నేటి కార్యక్రమంలో మూడో అంశంగా ఇంటి ప్లాస్టిక్ చెత్తను చేర్చారు. ప్లాస్టిక్ ఎంత చెడ్డదో చెప్పడానికి నేను సమయం తీసుకోను, అది అందరికీ తెలిసిందే. అది మన ఇళ్లలోకి ఏ దారుల్లో వస్తోందో, వాటిలో వేటిని రేపటి నుంచే మూయవచ్చో, మూయలేని దారుల్లో వచ్చినదాన్ని ఏం చేయాలో మాత్రమే మీ ముందు ఉంచుతాను.

మొదటి దారి పాల ప్యాకెట్. మన 48 ఫ్లాట్లలో ఒక్కొక్క ఇంటికి రోజుకు రెండు ప్యాకెట్లు అనుకున్నా, ఏడాదికి సుమారు 35,000 కవర్లు ఈ గేటు దాటి లోపలికి వస్తాయి. వీటిని మనం ఆపలేము, కానీ పాడు చేయకుండా ఉండగలము. పాల కవరు మంచి రకం పాలిథిన్‌తో తయారవుతుంది కాబట్టి, శుభ్రంగా, పొడిగా ఉంటే పాత సామాన్లవారు దాన్ని తూకానికి కొంటారు. అదే కవరును పాల తడితో చెత్తబుట్టలో వేస్తే రెండో రోజుకే పులిసి వాసన వచ్చి ఎవరికీ పనికిరాకుండా పోతుంది. అందుచేత ప్యాకెట్‌ను కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంచకుండా కవరుకే అంటిపెట్టుకుని ఉండేలా కోయండి, ఎందుకంటే విడిపోయిన ఆ చిన్న ముక్క ఏ సంచిలోనూ నిలవదు, చివరికి కాలువలోనే తేలుతుంది. పాలు పోశాక కవరులో నాలుగు చెంచాల నీళ్లు పోసి తొలిపి, ఆ నీళ్లను మొక్కలకు పోసి, కవరును క్లిప్పుతో తీగకు తగిలిస్తే గంటలో ఆరిపోతుంది. పెరుగు, నూనె ప్యాకెట్లకూ ఇదే పద్ధతి, కాకపోతే నూనె కవరును కాస్త శనగపిండితో రుద్దాలి.

రెండో దారి కర్రీ పాయింట్లు, టిఫిన్ సెంటర్లు. ఉద్యోగాలకు పరుగెత్తే ఇళ్లలో సాయంత్రం కూర బయటి నుంచి రావడం ఇప్పుడు మామూలైపోయింది, అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. అయితే పొగలు కక్కుతున్న సాంబారును, నూనె తేలే గోంగూర కూరను పలుచని కవరులో పోయించుకుంటున్నాము. వేడి, నూనె రెండూ ప్లాస్టిక్‌లోని రసాయనాలు ఆహారంలోకి దిగడానికి తోడ్పడతాయి. కాబట్టి చెత్త మాట అటుంచినా మన ఒంటి కోసమైనా ఈ అలవాటు మానాలి. స్టీలు క్యారేజీ తీసుకెళ్లండి. పట్టుకెళ్లడం గుర్తుండదు అనేవారికి నా సలహా ఒక్కటే: రెండు గిన్నెల చిన్న క్యారేజీని స్కూటరు డిక్కీలోనే ఉంచేయండి, కడిగిన వెంటనే మళ్లీ అక్కడికే చేర్చండి. చేపలు, మాంసం కొనేవారు మూత గట్టిగా పట్టే వేరే డబ్బాను దీనికే కేటాయించుకుంటే వాసన బెడద ఉండదు.

మూడో దారి చేతి సంచులు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ చేతి సంచులు దేశమంతటా నిషిద్ధం. అంతకు ముందే, అదే ఏడాది జులై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ వంటివాటిని కూడా నిషేధించారు. అయినా రైతు బజారులోనూ కాళేశ్వరరావు మార్కెట్‌లోనూ మనం అడిగినంత కాలం పలుచని కవరు ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటుంది. కొట్టువాడిని నిందించే ముందు మన చేతిలో సంచి ఉందో లేదో చూసుకోవాలి. బట్టల దుకాణాల్లో ఇచ్చే గుడ్డలాంటి రంగు సంచిని చాలామంది బట్ట సంచి అనుకుంటున్నారు. అందులో ఎక్కువ భాగం పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారమే. అది చిరిగే దాకా వాడండి, కానీ పర్యావరణానికి మేలు చేశామనుకుని కొత్తవి పోగు చేయకండి. పాత చీరతో, పాత లుంగీతో కుట్టిన సంచికి మించినది లేదు. అలాగే వంటింట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలన్నీ పారేసి ఒకేసారి గాజు, వెదురు సామాను కొనమని నేను చెప్పను, అది కూడా చెత్తే పెంచుతుంది. ఉన్నవాటిలో పప్పులు, ఉప్పులు వేసుకోండి, వేడి పదార్థాలు మాత్రం వద్దు.

ఇప్పుడు చెత్తబుట్ట సంగతి. నా దృష్టిలో అసలు విషయం ఇదే. తడి చెత్త, పొడి చెత్త, ఇంట్లోని ప్రమాదకర చెత్త అని మూడుగా విడదీయడం 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. అయినా మనలో చాలామంది కూరగాయల తొక్కలను నల్ల కవరులో మూటగట్టి బయట పెడుతున్నాము. ఒక్క కవరు మూలంగా తొక్కలు ఎరువు కాకుండా పోతాయి, ఆ కవరూ పాడవుతుంది. తడి చెత్తబుట్టలో రెండు పొరల పాత న్యూస్‌పేపరు వేసుకుంటే కవరు అవసరమే లేదు. రోజూ బుట్టను బయటి బండిలో బోర్లించి ఒకసారి కడిగితే చాలు. వాడిన శానిటరీ నాప్‌కిన్లను, డైపర్లను కాగితంలో గట్టిగా చుట్టి విడిగా ఇవ్వండి, దాన్ని విప్పే చేతులు మరొకరివని గుర్తుంచుకోండి. చిప్స్ ప్యాకెట్లలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిసి ఉంటాయి కాబట్టి వాటిని తిరిగి వాడుకోవడం కష్టం, అసలు కొనడం తగ్గించడమే మార్గం. చలికాలంలో కింద ఎండుటాకులతో పాటు కవర్లనూ కలిపి తగలబెట్టడం మాత్రం వెంటనే ఆగాలి; పీవీసీ కాలితే డయాక్సిన్ల వంటి విష పదార్థాలు పుడతాయి, ఆ పొగ మొదటి అంతస్తు పిల్లల గదుల్లోకే వెళ్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు ప్లాస్టిక్కే కారణమని నేను అనను, అంత పెద్ద నీటికి కారణాలు వేరు. కానీ ఒక మోస్తరు వానకే మన వీధి మురుగు కాలువ ఎందుకు పొంగుతుందో మూత ఎత్తి చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ కవర్లే రేపు బందరు కాలువకు, అక్కడి నుంచి పొలాలకు చేరతాయి.

ఈ నేపథ్యంలో సంఘం తరఫున నాలుగు ప్రతిపాదనలు చేస్తున్నాను. బుధ, శనివారాల్లో సెల్లారు లిఫ్టు పక్కన పొడి ప్లాస్టిక్ కోసం మూడు గోనె సంచులు పెడదాము: ఒకటి పాల కవర్లకు, ఒకటి సీసాలు, డబ్బాలకు, ఒకటి మిగతా పొడి ప్లాస్టిక్‌కు. అమ్మగా వచ్చిన డబ్బు మొత్తం మెట్లు ఊడ్చే ఆమెకు, వాచ్‌మన్ కుటుంబానికి సమానంగా ఇద్దాము. అది జీతంలో భాగంగా లెక్కించకూడదు. మేడ మీద జరిగే పుట్టినరోజులకు, వ్రతాలకు ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు గ్లాసులు, ప్లేట్లు బదులు విస్తరాకులు, స్టీలు గ్లాసులు వాడదాము. ఇందుకోసం 150 స్టీలు గ్లాసులను సంఘం నిధితో కొని, అడిగినవారికి ఉచితంగా ఇచ్చి, కడిగి తిరిగి ఇచ్చే బాధ్యత మాత్రం తీసుకున్నవారిదే అని నిర్ణయిద్దాము. వినాయక చవితి పందిట్లో థర్మోకోల్ అలంకరణ, ప్లాస్టిక్ పూలు వద్దని కూడా ఇప్పుడే తీర్మానిస్తే, పండుగ ముందు వాదన ఉండదు.

స్టీలు గ్లాసుల కొనుగోలుకు ఓటు అవసరం కాబట్టి, కార్యదర్శిగారు దానిని ముందుగా సభ ముందు పెట్టగలరు. మిగతా మూడింటిపై అభ్యంతరాలు ఉన్నవారు ఇప్పుడే చెప్పవచ్చు. ఆమోదమైతే గోనె సంచులు వచ్చే బుధవారం ఉదయం 7 గంటలకు సెల్లారులో ఉంటాయి.