మందు పత్రం చదవడం: వయోజనుల అభ్యాస పత్రం

పర్లాకిమిడి సాయంత్రపు తరగతి: మోతాదు, హెచ్చరికలు, దుష్ప్రభావాలు

అభ్యాసకులకు సూచన

మందుల పెట్టెలో మడిచి పెట్టే పత్రం సాధారణంగా ఇంగ్లీషులో, చాలా చిన్న అక్షరాలతో ఉంటుంది. అందులో మనకు తప్పక కావలసిన విషయాలను తేలికైన తెలుగులో రాసి, ఈ తరగతి కోసం నమూనా పత్రాన్ని తయారు చేశాము. పత్రాన్ని ఒకసారి మౌనంగా, మరొకసారి పైకి చదవండి. తరువాత ప్రశ్నలకు మీ నోటుపుస్తకంలో పూర్తి వాక్యాలలో జవాబులు రాయండి. మీ జవాబు నమూనా పత్రంలోని ఏ వాక్యం ఆధారంగా వచ్చిందో ఆ వాక్యం కింద గీత గీయండి. ఇంట్లో అలవాటైన పద్ధతిని కాక, పత్రంలో ఉన్నదానినే జవాబుగా రాయాలి. ఈ నమూనా చదవడం నేర్చుకోవడానికే గనుక, మందు వేసుకునేటప్పుడు మీ చేతిలోని పెట్టె మీద, వైద్యులు రాసిన చీటీ మీద ఉన్నదే పాటించండి.

నమూనా పత్రం

పారాసిటమాల్ మాత్రలు, 500 మిల్లీగ్రాములు

ఇందులో ఏముంది: ఒక్కొక్క మాత్రలో 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది.

ఎందుకు వాడతారు: జ్వరం, తలనొప్పి, పంటినొప్పి, ఒళ్లునొప్పులు, నెలసరి నొప్పి తగ్గడానికి.

మోతాదు: 18 ఏళ్లు నిండి, 50 కిలోలకు మించి బరువున్న పెద్దలు ఒకసారికి 1 లేదా 2 మాత్రలు నీటితో మింగవచ్చు. ఒకసారికీ మరొకసారికీ మధ్య కనీసం 4 గంటల వ్యవధి ఉండాలి. ఏ 24 గంటలలోనైనా 8 మాత్రలకు, అంటే 4,000 మిల్లీగ్రాములకు మించకూడదు. బరువు 50 కిలోలు లేదా అంతకంటే తక్కువ ఉన్నవారు తమ మోతాదును వైద్యులను అడిగి తెలుసుకోవాలి. పిల్లలకు ఈ మోతాదు వర్తించదు.

హెచ్చరికలు: కాలేయ వ్యాధి లేదా మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నవారు, గర్భిణులు వైద్యులను అడిగిన తరువాతే వాడాలి. పారాసిటమాల్ ఉన్న మరే మందుతోనూ కలిపి వాడకూడదు. జ్వరం 3 రోజులకు మించి తగ్గకపోతే వైద్యులకు చూపించుకోవాలి.

దుష్ప్రభావాలు: ఇవి అరుదుగా వస్తాయి. చర్మం మీద దద్దుర్లు, దురద కనిపిస్తే మందు ఆపి వైద్యులకు చెప్పాలి. ముఖం, పెదవులు, గొంతు వాచినా, ఊపిరి అందకపోయినా, చర్మం బొబ్బలెక్కి ఊడుతున్నా, కళ్లు పచ్చబడినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మోతాదు మించితే: ఒంట్లో బాగానే ఉన్నట్టు అనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కాలేయానికి జరిగే హాని లక్షణాలు ఒకటి రెండు రోజుల తరువాత గాని బయటపడకపోవచ్చు.

నిల్వ: 30 డిగ్రీల సెల్సియస్ మించని చోట, తడి తగలకుండా, పిల్లలకు అందకుండా ఉంచాలి.

మొదటి భాగం: మోతాదు

ఈ భాగానికి ఎక్కువ సమయం తీసుకోండి. లెక్కలు చిన్నవే అయినా, పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

1. ఒకసారికి రెండు మాత్రలు వేసుకుంటే ఎన్ని మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒంట్లోకి వెళుతుంది?

2. ఒక తాపీ మేస్త్రీ జ్వరంతో ఉదయం 6 గంటలకు రెండు మాత్రలు, 10 గంటలకు రెండు, మధ్యాహ్నం 2 గంటలకు రెండు, సాయంత్రం 6 గంటలకు రెండు వేసుకున్నాడు. రాత్రి 10 గంటలకు మళ్లీ ఒళ్లు కాలుతోంది. చివరిసారి వేసుకుని నాలుగు గంటలయింది గనుక మరో రెండు వేసుకోవచ్చునని అతను అనుకుంటున్నాడు. పత్రం ప్రకారం అది సరైనదేనా? కాకపోతే, తిరిగి ఎప్పుడు వేసుకోవచ్చు?

3. మందుల షాపులో 500కు బదులు 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రలు ఇచ్చారు. 24 గంటల గరిష్ఠ పరిమితి అదే 4,000 మిల్లీగ్రాములు అనుకుంటే, వీటిని ఎన్నింటికి మించి వేసుకోకూడదు?

4. పన్నెండేళ్ల కొడుకుకు జ్వరం వచ్చిందని ఒక తల్లి ఈ మాత్రను సగానికి విరిచి ఇవ్వబోతోంది. పత్రంలోని ఏ వాక్యాన్ని ఆమెకు చదివి వినిపిస్తారు?

రెండవ భాగం: హెచ్చరికలు

మనలో చాలామంది ఒక మందును పర్లాకిమిడిలో, మరొకదానిని పాతపట్నంలో కొంటూ ఉంటారు. రెండు షాపులలో, రెండు కంపెనీల పేర్లతో కొన్న మందులలో లోపల ఉన్నది ఒకటే కావచ్చు. పెట్టె మీద పెద్ద అక్షరాలలో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. మందు అసలు పేరు, దాని మిల్లీగ్రాములు చాలాసార్లు దాని దగ్గరే చిన్న అక్షరాలలో ఉంటాయి. చదవవలసింది ఆ చిన్న అక్షరాలనే.

5. ఒకావిడ పర్లాకిమిడిలో కొన్న పారాసిటమాల్ 500 మాత్రలను రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి రెండు చొప్పున వేసుకుంటోంది. జలుబు కోసం పాతపట్నంలో కొన్న మరో మాత్రను కూడా రోజుకు మూడుసార్లు, ఒక్కొక్కటి చొప్పున వేసుకుంటోంది. ఆ జలుబు మాత్రల అట్ట వెనుక "పారాసిటమాల్ 500 మి.గ్రా., ఫినైల్‌ఎఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్" అని ఉంది. రోజుకు మొత్తం ఎంత పారాసిటమాల్ అవుతోంది? ఆమె పాటించని హెచ్చరిక ఏది?

6. రోజూ సాయంత్రం సారా గానీ జీలుగు కల్లు గానీ తాగే వ్యక్తి ఈ మాత్ర వేసుకోబోయే ముందు ఏమి చేయాలి? కల్లును మద్యంగా లెక్కించాలా, వద్దా? మీ అభిప్రాయాన్ని కారణంతో రాయండి.

7. గుండె కవాటం మార్పిడి జరిగి వార్ఫరిన్ వాడుతున్న మామగారికి ఒళ్లునొప్పులు వచ్చాయి. ఇంట్లో పారాసిటమాల్ ఉంది. కోడలిగా మీరు ఆయనతో ఏమంటారో మూడు వాక్యాలలో రాయండి.

మూడవ భాగం: దుష్ప్రభావాలు

దుష్ప్రభావాల పేరా చదివి, ఇక మందే వద్దని పక్కన పెట్టేసేవారు ఉన్నారు. "అరుదుగా" అన్న మాట అక్కడే ఉంది, దానిని వదలకుండా చదవండి.

8. కింది వాటిలో వేటికి మందు ఆపి వైద్యులకు చెబితే సరిపోతుంది, వేటికి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి: చేతుల మీద దురద, పెదవుల వాపు, కళ్లు పచ్చబడడం, వీపు మీద దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం?

9. ఒక యువకుడు పంటినొప్పికి తాళలేక రాత్రి పన్నెండు మాత్రలు ఒక్కసారే మింగాడు. తెల్లవారాక "నాకేమీ కాలేదు, బాగానే ఉన్నాను" అంటున్నాడు. ఇంట్లోవారు ఏమి చేయాలి? పత్రంలో చెప్పిన కారణం ఏమిటి?

జవాబులు (2, 3, 5, 9 ప్రశ్నలకు మాత్రమే, మిగిలినవి తరగతిలో చర్చిద్దాం)

2. సరైనది కాదు. నాలుగు గంటల వ్యవధి ఉన్నా, సాయంత్రం 6 గంటలకే ఎనిమిది మాత్రలు పూర్తయ్యాయి. వ్యవధి, మొత్తం అనే రెండు షరతులూ ఒకేసారి నెరవేరాలి. మొదటి రెండు మాత్రలు వేసుకుని 24 గంటలు నిండిన తరువాత, అంటే మర్నాడు ఉదయం 6 దాటాక వేసుకోవచ్చు. అర్ధరాత్రి తేదీ మారినంత మాత్రాన లెక్క మళ్లీ మొదలుకాదు.

3. ఆరు. ఆరు మాత్రలకు 3,900 మిల్లీగ్రాములు, ఏడింటికి 4,550 అవుతాయి.

5. పారాసిటమాల్ మాత్రల నుంచి 3,000, జలుబు మాత్రల నుంచి 1,500, మొత్తం 4,500 మిల్లీగ్రాములు. పరిమితికి 500 ఎక్కువ. పారాసిటమాల్ ఉన్న మరే మందుతోనూ కలిపి వాడకూడదన్న హెచ్చరికను ఆమె పాటించలేదు.

9. మాత్రల అట్ట వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అవసరమైతే 108కి ఫోను చేయాలి. హాని లక్షణాలు ఒకటి రెండు రోజుల తరువాత గాని బయటపడకపోవచ్చని పత్రం చెబుతోంది. పత్రంలో లేని ఒక విషయం కూడా తెలుసుకోండి: దీనికి విరుగుడుగా ఇచ్చే ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు, మాత్రలు మింగిన 8 గంటలలోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అయితే ఆ సమయం దాటిపోయిందని ఆసుపత్రికి వెళ్లడం మానకూడదు, ఆలస్యంగా ఇచ్చినా దానివల్ల ప్రయోజనం ఉంటుంది.