విషయం: ప్రొడక్షన్ సూపర్‌వైజర్ ఆఫర్ - జీతం గురించి ఒక మనవి

శ్రీనివాసరావు గారికి నమస్కారం.

నిన్న సాయంత్రం మీరు పంపిన ఆఫర్ లెటర్ అందింది. నన్ను ఎంచుకున్నందుకు చాలా థాంక్సండి. పలాసలో మీ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేయాలని నాకు నిజంగానే ఉంది. చేరే ముందు జీతం గురించి ఒక్క విషయం అడగాలనిపించి ఇది రాస్తున్నాను.

మీరు నెలకు 25,000 అన్నారు. అందులో పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి వచ్చేది 23,000. ఇప్పుడు చేస్తున్న చిన్న యూనిట్‌లో పీఎఫ్ లేదు గానీ చేతికి 23,500 వస్తోంది. పీఎఫ్ నా సొమ్మే, పైగా మీ వాటా కూడా కలుస్తుంది, కాదనను. కానీ ఇల్లు గడిచేది చేతికొచ్చిన దాంతోనే కదండీ. అందుకే 29,000కి పెంచగలరేమోనని అడుగుతున్నాను.

ఇంత ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్తాను. నేను ఈ పనిలోకి వచ్చింది 2018లో, తిత్లీ తుఫాను ఏడాది. ఉద్దానంలో తోటలు పోయాక మా యూనిట్‌కి బయటి పిక్కలే ఎక్కువగా వచ్చేవి. ఒక్కో లాటు పిక్క సైజు వేరు, తేమ వేరు. అన్నీ ఒకేలా ఉడికిస్తే పప్పు విరిగిపోతుంది. సైజు వారీగా జల్లించి విడివిడిగా ఉడికించడం, పూర్తిగా చల్లారాకే కటింగ్‌కి ఇవ్వడం అలవాటు చేశాను. మొదట్లో కటింగ్ వాళ్లు 'పని లేటవుతోంది' అని గొడవ చేశారు, తర్వాత వాళ్లే సర్దుకున్నారు. రెండేళ్లలో విరుగుడు నూటికి 24 నుంచి 17కి దిగింది. 80 కేజీల బస్తాకి 20 కేజీల పప్పు వచ్చిందనుకున్నా, ముక్కగా పోయేది దాదాపు కేజీన్నర గుండుగా మిగులుతోంది. గుండుకీ ముక్కకీ ధరలో తేడా మీకు నేను చెప్పేదేముంది! లాటు వారీగా రాసుకున్న లెక్కల పుస్తకం నా దగ్గరుంది, వచ్చినప్పుడు చూపిస్తాను.

ఒకేసారి అంత పెంచడం కుదరదంటే, ఇప్పుడు 27,000 ఇచ్చి, ఆరు నెలల తర్వాత మీ దగ్గర విరుగుడు తగ్గితేనే మిగతా 2,000 కలపండి. అదీ నాకు సమ్మతమే. ఇంకొకటి, జీతం 21,000 దాటింది కాబట్టి నాకు ఈఎస్ఐ వర్తించదు. ఇంట్లో అమ్మకి షుగర్ ఉంది. కుటుంబానికి హెల్త్ ఇన్సూరెన్స్ ఏదైనా ఇచ్చే వీలుంటే చెప్పగలరు.

ఆఫర్‌లో మిగతావన్నీ, షిఫ్టు టైములతో సహా, నాకు సరే. కొత్త పిక్కలు దిగకముందే, మీరు చెప్పినట్టు ఫిబ్రవరి 1న చేరగలను. ఇక్కడ పదిహేను రోజుల ముందు చెప్పాలి కాబట్టి ఈ నెల 14లోగా మీ నిర్ణయం తెలిస్తే మేలు. ఫోన్లో మాట్లాడదామన్నా సరే, మధ్యాహ్నం రెండు తర్వాత ఖాళీగానే ఉంటాను.

ఇట్లు,
పైడిరాజు
మందస