మిర్చి కోల్డ్ స్టోరేజ్ గోడ: థర్మల్ రెసిస్టెన్స్ లెక్క

ప్రశ్న: గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజ్ గోడ వైశాల్యం 60 చ.మీ. బయటి నుంచి లోపలికి వరుసగా 230 మి.మీ. ఇటుక (k = 0.80), 100 మి.మీ. థర్మోకోల్ (k = 0.04), 18 మి.మీ. సిమెంట్ ప్లాస్టర్ (k = 0.72) ఉన్నాయి. k అంటే పదార్థపు ఉష్ణ వాహకత, విలువలు W/m·K లో. h అంటే గాలికీ గోడ ఉపరితలానికీ మధ్య వేడి బదిలీ గుణకం. బయట గాలి 42°C, h = 20 W/m²K. లోపల గాలి 6°C, h = 8 W/m²K. (అ) గోడ గుండా వచ్చే వేడి ఎంత? (ఆ) థర్మోకోల్ రెండు ముఖాల ఉష్ణోగ్రతలు ఎంత? (ఇ) థర్మోకోల్ మందం రెట్టింపు చేస్తే వేడి సగమవుతుందా?

జవాబు: స్థిర స్థితి, వేడి ఒకే దిశలో వెళ్తోంది, పొరల మధ్య గాలి సందు లేదు అనుకుందాం. అప్పుడు ప్రతి పొరలోనూ ఒకే వేడి ప్రవహిస్తుంది కాబట్టి రెసిస్టెన్సులన్నీ సిరీస్‌లో ఉంటాయి. అంకెలు తేలిగ్గా ఉంటాయని ముందు 1 చ.మీ.కి చేద్దాం: పొర రెసిస్టెన్స్ అంటే మందం/k, గాలి వైపు రెసిస్టెన్స్ అంటే 1/h. మి.మీ.ని మీటర్లలోకి మార్చడం మరిచిపోకండి, పరీక్షలో ఎక్కువ మార్కులు పోయేది అక్కడే.

```
42°C --R1-- T1 --R2-- T2 --R3-- T3 --R4-- T4 --R5-- 6°C

R1 = 1/20       = 0.0500
R2 = 0.230/0.80 = 0.2875
R3 = 0.100/0.04 = 2.5000
R4 = 0.018/0.72 = 0.0250
R5 = 1/8        = 0.1250
R  = 2.9875 m²K/W
```

(అ)
```
q = (42 - 6)/2.9875 = 12.05 W/m²
Q = 12.05 × 60 = 723 W
```

ఇక్కడ ఒక్క క్షణం ఆగి R3 వైపు చూడండి. మొత్తంలో దాదాపు 84 శాతం అదొక్కటే. థర్మోకోల్ తీసేస్తే మిగిలేది 0.4875, Q ఒక్కసారిగా 4431 W అవుతుంది, అంటే ఆరు రెట్లకు పైనే. ఇటుక గోడ ఎంత మందంగా కనిపించినా, వేడిని ఆపేది ఆ తేలికపాటి తెల్ల పలకే.

(ఆ) బయటి నుంచి ఒక్కో రెసిస్టెన్స్ దాటుతూ లోపలికి రావాలి.

```
T1 = 42 - 12.05 × 0.05      = 41.40°C
T2 = 41.40 - 12.05 × 0.2875 = 37.93°C
T3 = 37.93 - 12.05 × 2.5    = 7.81°C
```

సరిచూసుకోవాలంటే లోపలి నుంచి కూడా రండి: 6 + 12.05 × (0.125 + 0.025) = 7.81°C. కలిసింది. 36 డిగ్రీల తేడాలో 30 డిగ్రీలు థర్మోకోల్‌లోనే పడిపోయాయి. తేమ లోపలికి చేరి నీరుగా మారకుండా వేపర్ బ్యారియర్‌ను T2 వైపు, అంటే వేడి ముఖం మీద వేస్తారు.

(ఇ) సగం కాదు. R3 మాత్రమే 5.0 అవుతుంది, మిగతావి అలాగే ఉంటాయి.

```
R = 5.4875
Q = 36 × 60/5.4875 = 394 W
```

సగమైతే 361.5 W రావాలి. థర్మోకోల్ 100 మి.మీ.గానే ఉంచి, బయట గాలి జోరు పెరిగి h 20 నుంచి 40 అయితే? R1 సగమై 0.025 అవుతుంది, Q మాత్రం 729 W. పెరిగింది ఆరు వాట్లే.