పేరు పలక పెట్టే ముందు

(పాఠశాల సైన్స్ క్లబ్ సమావేశంలో జీవశాస్త్ర ఉపాధ్యాయురాలి ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఉన్నవాళ్లు కొంచెం దగ్గరికి జరగండి, ఈ బల్ల మీద ఉన్నవి అందరికీ కనిపించాలి. రెండు గాజు గ్లాసుల్లో రెండు రెమ్మలు పెట్టాను. ఒకటి తులసి, రెండోది నేలవేము. ఏది ఏదో ఇప్పుడే చెప్పకండి. కాండాన్ని వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. రెండూ గుండ్రంగా లేవు కదా? నాలుగు పలకలుగా ఉన్నాయి. ఆకులు చూడండి, ప్రతి కణుపు దగ్గరా రెండేసి, ఎదురెదురుగా ఉన్నాయి. "పలకల కాండం, ఎదురెదురు ఆకులు ఉంటే తులసి కుటుంబం" అని మీలో చాలామంది నోట్సులో రాసుకున్నారు. ఆ గుర్తుతో వెళ్తే ఈ రెండూ ఒకే కుటుంబం అయిపోతాయి. నిజానికి తులసిది లేమియేసి, నేలవేముది అకాంథేసి.

ఇప్పుడు ఒక్కో ఆకు తుంచి నలిపి వాసన చూడండి. తులసి వెంటనే తెలిసిపోతుంది. నేలవేముకు పచ్చి ఆకు వాసన తప్ప ప్రత్యేకమైన వాసన ఉండదు. పూలు వచ్చాయంటే అసలు అనుమానమే ఉండదు. తులసికి నిటారు వెన్ను మీద పూలు అంతస్తులుగా వస్తాయి. నేలవేముకు సన్నని కొమ్మల మీద, తెల్లటి రేకులకు ఊదా రంగు మచ్చలతో చిన్న పూలు విడివిడిగా ఉంటాయి. ఆ తర్వాత రెండు కొసలూ సన్నబడ్డ కాయలు వచ్చి, ఎండాక నిలువుగా పగులుతాయి.

ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఒక్క గుర్తు చూసి మొక్కకు పేరు పెట్టకూడదు. మన మందు మొక్కల తోటలో ఏ పేరు పలక నాటాలన్నా కనీసం నాలుగు గుర్తులు ఒకదానితో ఒకటి సరిపోవాలి. ల్యాబ్ వెనక మనకిచ్చిన స్థలంలో ఆరు మడులు చేసుకున్నాం. మామూలు పూలమొక్కకు పేరు తప్పు రాస్తే పెద్ద నష్టం ఉండదు. మందు మొక్కకు తప్పు పేరు రాస్తే, ఆ పలకను నమ్మి ఎవరైనా ఆకు కోసుకుని ఇంటికి తీసుకెళ్తారు. మన సంతకం లేకపోయినా ఆ పలక మీద ఉన్నది మన మాటే.

తిప్పతీగనే తీసుకోండి. దీని శాస్త్రీయ నామం టినోస్పోరా కార్డిఫోలియా. దీనికి దగ్గరి చుట్టం ఒకటి ఉంది, టినోస్పోరా క్రిస్పా. రెండిటికీ హృదయాకారపు ఆకులే, రెండూ ఎగబాకే తీగలే. కాండం చూస్తేనే తేడా బయటపడుతుంది. క్రిస్పా కాండం నిండా చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి, కోస్తే పాల లాంటి స్రావం కారుతుంది. తిప్పతీగకు అలాంటి బొడిపెలూ ఉండవు, ఆ స్రావమూ ఉండదు. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే ప్రమాదమని 2022లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ తేడాలన్నీ చెబుతూ ప్రకటన ఇచ్చింది. కాబట్టి రెండో మడి వాళ్లు తెచ్చిన తీగకు ఆకు చూసి పేరు రాయడం కుదరదు. ముదురు కాండం ముక్క కోసి, భూతద్దంలో చూశాకే రాయాలి.

బ్రాహ్మి అనే పేరుతోనూ ఇదే చిక్కు. కొందరు సరస్వతి ఆకును, అంటే సెంటెల్లా ఏషియాటికాను బ్రాహ్మి అంటారు. ఇంకొందరు బకోపా మొనియెరీని అంటారు. మొదటిదానికి పొడవాటి కాడ మీద గుండ్రటి, అంచు నొక్కుల ఆకు ఉంటుంది. రెండోదానికి కాడ లేని, చిన్న, మందపాటి ఆకులు జంటలుగా ఉంటాయి. ఒకే పేరు రెండు మొక్కలకు ఉన్నప్పుడు పలక మీద శాస్త్రీయ నామం తప్పనిసరి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన మొక్క చూపిస్తాను. నేల ఉసిరి. ఈ ట్రేలో తలా ఒకటి ఉంది, భూతద్దాలు పంచుకోండి. పై నుంచి చూస్తే చింతాకులా సంయుక్త పత్రం, అంటే చిన్న చిన్న పత్రకాలు కలిసిన ఒకే ఆకు అనిపిస్తుంది. ఇప్పుడు దాన్ని బోర్లించండి. చిన్న చిన్న ఆకుపచ్చ గుండ్రటి కాయలు కింద వరుసగా వేలాడుతున్నాయి కదా? ఒక్క నిమిషం ఆలోచించండి. కాయ ఎక్కడ పుడుతుంది? పువ్వు ఉన్నచోట. పువ్వు ఎక్కడ పుడుతుంది? కాండం మీద, ఆకు గ్రీవంలో, అంటే ఆకు కాండాన్ని కలిసే మూలలో. సంయుక్త పత్రంలోని పత్రకం మొదట్లో మొగ్గ ఉండదు, మొత్తం ఆకు కాడ మొదట్లోనే ఉంటుంది. ఇక్కడ చూస్తే ప్రతి చిట్టి ఆకు మొదట్లోనూ పువ్వో కాయో ఉంది. అంటే మీరు పత్రకాలు అనుకున్నవి విడి ఆకులు, మీరు ఈనె అనుకున్నది సన్నటి కొమ్మ! ఈ ఒక్క మొక్క చేతిలో పట్టుకుంటే సరళ పత్రానికీ సంయుక్త పత్రానికీ తేడా జన్మలో మరిచిపోరు.

అక్కడితో ఆగకండి. ఆ కాయకు కాడ ఉందా, తొడిమ లేనట్టు కొమ్మకే అతుక్కుని ఉందా చూడండి. కాడ ఉండి, కాయ నున్నగా ఉంటే ఫిల్లాంథస్ అమారస్. దాదాపు కాడ లేకుండా, కాయ గరుకుగా ఉంటే ఫిల్లాంథస్ యూరినేరియా. పాత పుస్తకాల్లో మన నేల ఉసిరికి ఫిల్లాంథస్ నిరురి అని ఉంటుంది. ఆ పేరు అసలు అమెరికా ఖండాల మొక్కదని తర్వాత తేల్చారు. అందుకే పేరు రాసేముందు కొత్త పుస్తకంతో సరిచూడాలి.

పెంచడం గురించి చెప్తాను. ఇందులో ఎక్కువ మంది చేసే పొరపాటు, అన్ని మొక్కలకూ ఒకే బకెట్టుతో ఒకేలా నీళ్లు పోయడం. అందుకే మడులను నీటి అవసరాన్ని బట్టి విడదీశాం. కుళాయి దగ్గరి మడి ఎప్పుడూ తడిగా ఉంటుంది, పక్క గోడ నీడ కూడా పడుతుంది. అక్కడ సరస్వతి ఆకు, బకోపా. ఎత్తుగా ఉన్న ఎండ మడిలో ఇసుక కలిపాం, అక్కడ కలబంద, నల్లేరు. కలబందకు నీరు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. మట్టి పైభాగం పూర్తిగా ఆరాకే పోయాలి. తులసి, నేలవేము, నేల ఉసిరి మధ్య మడుల్లో.

అడ్డసరం విత్తనాల కోసం చూడక్కర్లేదు. పెన్సిలంత లావున్న కొమ్మను జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులు ఉండేలా కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా నాటండి. వేళ్లు ఎక్కువగా కణుపుల దగ్గరే వస్తాయి. తలకిందులుగా నాటకుండా కింది కొసను ఏటవాలుగా, పై కొసను తిన్నగా కోస్తే గుర్తు ఉంటుంది. తిప్పతీగ కూడా కాండం ముక్కతోనే వస్తుంది, కానీ పందిరి లేకపోతే పక్క మడులన్నీ ఆక్రమిస్తుంది. నేలవేము విత్తనం చాలా చిన్నది, పైపైన చల్లి పల్చగా మట్టి కప్పాలి. అది పూసి కాశాక ఎండిపోతుంది. కాబట్టి కాయలు ముదిరాక, పగలకముందే సేకరించి కవర్‌లో వేసి, పేరు, తేదీ రాసి పెట్టాలి. తులసి వెన్నులు తుంచుతూ ఉంటే ఆకులు బాగా వస్తాయి, విత్తనం కోసం ఒక్క మొక్కను మాత్రం వదలండి. పురుగు మందులు వద్దు. పురుగు కనిపిస్తే ముందు ఫొటో తీసి నాకు చూపించండి.

ఇక పలకలు. కాగితం మీద మార్కర్‌తో రాసి ప్లాస్టిక్ కవర్లో పెడితే చూడటానికి బాగానే ఉంటుంది, ఎండకు రంగు వెలిసి చివరికి ఏమీ కనిపించదు. పల్చటి అల్యూమినియం రేకు ముక్క మీద బాల్‌పెన్‌తో గట్టిగా నొక్కి రాయండి. సిరా పోయినా గాడి ఉండిపోతుంది. కుండీలకు తెల్ల ప్లాస్టిక్ చీలికల మీద పెన్సిల్‌తో రాస్తే చాలు, పెన్సిల్ గీత ఎండకు వెలవదు. చెట్టుకు మేకు కొట్టవద్దు. కాండం చుట్టూ తీగ బిగించవద్దు, కాండం లావయ్యేకొద్దీ ఆ తీగ బెరడును కోసేస్తుంది. మొక్క పక్కన చిన్న కర్ర పాతి దానికి కట్టండి.

మూడో మడికి నేను రాసిన నమూనా పలక ఇది:

నేలవేము
ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా
కుటుంబం: అకాంథేసి
వాడే భాగం: నేలపై పెరిగే మొక్క అంతా
సంప్రదాయ వాడకం: జ్వరాలకు
రిజిస్టర్ నంబర్: 07

రెండో వరుసలోని పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాం. మొదటి మాట ప్రజాతి, దాని మొదటి అక్షరం పెద్దది. రెండోది జాతి, అన్నీ చిన్న అక్షరాలే. చేత్తో రాసేటప్పుడు రెండు మాటల కిందా విడివిడిగా గీత గీయాలి. 1753లో వృక్ష శాస్త్రవేత్త లిన్నేయస్ వేల మొక్కలకు ఇలా రెండు మాటల పేర్లు ఇచ్చాడు, ఇప్పటికీ మొక్కల పేర్ల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

"సంప్రదాయ వాడకం" అనే మాట చూశారా? "జ్వరం తగ్గిస్తుంది" అని నేను రాయలేదు. ఎందుకో బిళ్ళగన్నేరు కథ చెప్తుంది. మధుమేహానికి దాని ఆకుల కషాయం వాడతారని విని, 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఎలుకల మీద పరీక్షించారు. రక్తంలో చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ దారిలో వెళ్తే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది, అదే మొక్క నుంచి తర్వాత విన్‌క్రిస్టిన్ వచ్చింది. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ వాడుతున్నారు. కణ విభజనను ఆపే ఆ రసాయనాలే బిళ్ళగన్నేరును విషపు మొక్కగా చేస్తాయి. దాని పలక మీద "మధుమేహానికి మందు" అని రాస్తే ఎంత ప్రమాదమో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ పలకకు ఎర్ర అంచు వేసి, "తినరాదు" అని పెద్ద అక్షరాల్లో రాద్దాం.

అందుకే తోటలో ఒకటే కచ్చితమైన నియమం: ఏ మొక్కనూ నోట్లో పెట్టుకోకూడదు. నేలవేము చేదు తెలుసుకోవాలన్నా సరే. కలబంద కోస్తే తొక్క కింద నుంచి కారే పసుపు రసం విరేచనాలు చేస్తుంది, దాన్నీ ముట్టుకోవద్దు.

పలక ఊడిపోవచ్చు, మొక్క చచ్చిపోవచ్చు, రిజిస్టర్ మాత్రం ఉండాలి. ప్రతి నంబర్ ఎదురుగా మొక్క ఏ తేదీన వచ్చింది, ఎవరిచ్చారు, విత్తనమా కొమ్మా, ఏ నాలుగు గుర్తులు చూసి పేరు తేల్చాం, ఎవరు సరిచూశారు, ఇవన్నీ రాయాలి. పూత దశలో ఒక రెమ్మను వార్తాపత్రికల మధ్య బరువు పెట్టి ఆరబెట్టి, రోజూ కాగితం మార్చి, 42 × 29 సెంటీమీటర్ల అట్ట మీద అతికించి అదే నంబర్ వేయాలి. రేపు ఎవరికైనా మన పేరు మీద అనుమానం వస్తే ఆ అట్ట తీసి చూస్తారు. గుర్తు తెలియని మొక్కకు "పేరు తేలలేదు" అని రాసి నంబర్ ఇవ్వండి. ఊహించి రాసిన పేరు కంటే ఆ రెండు మాటలే నాకు ఎక్కువ ఇష్టం.

తొమ్మిదో తరగతి వాళ్లు భూతద్దాలు, స్కేళ్లు తీసుకుని రెండో మడికి రండి, తిప్పతీగ కాండం కోద్దాం. ఎనిమిదో తరగతి వాళ్లు రిజిస్టర్‌తో నేల ఉసిరి దగ్గరికి వెళ్లి, కాయకు కాడ ఉందో లేదో ఒక్కో మొక్కకూ విడిగా రాయండి. అయిపోయాక చేతులు సబ్బుతో కడుక్కునే క్లాసులోకి వెళ్లాలి.