విషయం: విప్రో పాత పేర్లు, స్థాపన తేదీ నిర్ధారణ కోసం

కంపెనీ సెక్రటరీ గారికి నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రిక విలేకరిని. నూనె మిల్లుగా మొదలై సాఫ్ట్‌వేర్‌కు ఎదిగిన మీ సంస్థపై ఆదివారం అనుబంధానికి వ్యాసం రాస్తున్నాను. అమల్నేర్ ఘట్టమే దానికి ప్రాణం, అందుకే అక్కడ తప్పు దొర్లకూడదు.

సంస్థ 1945 డిసెంబరు 29న నమోదైందని రాసుకున్నాను. కొన్నిచోట్ల 1946 అని ఉంది. మీ ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ చెప్పగలరా?

మొదటి పేరు ‘వెస్టర్న్ ఇండియా వెజిటబుల్ ప్రొడక్ట్స్ లిమిటెడ్’ అనుకుంటున్నాను. ‘వెస్టర్న్ ఇండియా పామ్ రిఫైన్డ్ ఆయిల్స్’ అని కూడా చాలామంది రాస్తున్నారు. అది ఎప్పుడైనా అధికారిక పేరేనా? 1977లో విప్రో ప్రొడక్ట్స్, 1982లో విప్రో లిమిటెడ్ అయిందన్నది సరైనదేనా?

గురువారం సాయంత్రంలోగా ఈ మెయిల్‌కే జవాబిస్తే చాలు.

కృతజ్ఞతలతో,
విలేకరి, ఆదివారం అనుబంధం