పత్తి రైతులకు ఈ వారం చేయాల్సిన పనులు

రైతన్నలకు నమస్కారం. వాతావరణ, సస్యరక్షణ బులెటిన్ నాలుగు పేజీలుంది. కోతలు, కూలీల హడావుడిలో చదివే తీరిక ఉండదు కనుక మన మండలం పత్తికి పనికొచ్చేది మాత్రం రాస్తున్నాను.

వాన: మంగళ, బుధవారాల్లో మోస్తరు నుంచి భారీ వర్షం పడొచ్చు, గురువారం నుంచి తెరిపి. అప్పటిదాకా మందు కొట్టొద్దు, యూరియా చల్లొద్దు. డబ్బులు నీళ్లలో పోసినట్టే. ఈరోజే కాలువలు తీసి పెట్టండి. నల్లరేగడి చేలలో నీరు నిలిస్తే మొక్కలు వడలిపోతాయి. అలా వడలిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్లు తడపండి.

గులాబీ రంగు పురుగు: ఈ వారం అసలు భయం దీనిదే. బీటీ విత్తనమని ధీమా వద్దు, ఈ పురుగు దానికి తట్టుకుంటోంది. ఎకరానికి 4 లింగాకర్షక బుట్టలు పెట్టి, రోజూ పొద్దున్నే రెక్కల పురుగులు లెక్కపెట్టండి. వరుసగా మూడు రోజులు బుట్టకు 8 చొప్పున పడితేనే, లేదా పదింటిలో ఒక పువ్వు గుడ్డిపువ్వైతేనే మందు. తెరిపిచ్చాక ప్రొఫెనోఫాస్ లీటరు నీటికి 2 మి.లీ. చాలు. గుడ్డిపూలను ఏరి కాల్చేయండి. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు ఇప్పుడే వద్దు, తెల్లదోమ పెరుగుతుంది. షాపులో రెండు మూడు మందులు కలిపి ఇస్తామన్నా ఒప్పుకోకండి.

పచ్చదోమ తక్కువే ఉంది, ఆకుల అడుగున చూస్తూ ఉండండి.

పిడుగులు పడేటప్పుడు చెట్ల కింద నిలబడకండి. అనుమానముంటే కాయ ఫోటో గ్రూపులో పెట్టండి.

— మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారి