విశాఖ వాడల పేర్లలో నీటి పదాలు: ఎం.ఏ. ప్రాజెక్టు మౌఖిక పరీక్ష

అధ్యక్షులవారికి, బాహ్య పరీక్షకులుగా వచ్చిన ఆచార్యులవారికి, మా విభాగ అధ్యాపకులకు, నా పర్యవేక్షకురాలికి నమస్కారాలు. నా పేరు, నమోదు సంఖ్య అధ్యక్షులవారు ఇప్పుడే చదివారు కనుక నేరుగా విషయంలోకి వస్తాను.

హనుమంతవాక కూడలి మనందరికీ తెలుసు. వాక అంటే ఏరు. ఆ ఏరు ఎక్కడుందని కూడలిలో నిలబడి ఆరుగురిని అడిగాను. ఐదుగురు తెలియదన్నారు. ఆరో ఆయన కొబ్బరిబొండాలు అమ్ముకునే పెద్దాయన. చేతిలో కత్తి పక్కన పెట్టి, రోడ్డు దాటించి, ఒక కల్వర్టు గట్టు మీద నన్ను కూర్చోబెట్టి, "వాన పడ్డ రాత్రి ఇక్కడికొచ్చి చెవి పెట్టమ్మా, వినబడుతుంది" అన్నారు. నా ప్రాజెక్టు ఆ కల్వర్టు దగ్గర మొదలైంది.

నేను నిరూపించదలచింది ఇది. మన ఊరి వాడల పేర్లలో చివరి పదం, అంటే ఉత్తరపదం, చాలాసార్లు నేల స్వభావాన్ని చెబుతుంది: వాక, గెడ్డ, లోవ, ధార. మొదటి పదం మనుషులనో దేవుళ్లనో వస్తువులనో చెబుతుంది. ఉత్తరపదం చెప్పే మాట నిజమో కాదో నేల మీదికి వెళ్లి చూడవచ్చు. పూర్వపదానికి ఎక్కువసార్లు కథే ఆధారం. ఈ రెండింటినీ ఒకే తూకంలో తూయడం వల్లే స్థలనామాల మీద మన చర్చ కథల దగ్గర ఆగిపోతోందని నా అభిప్రాయం.

పరిధి చిన్నదే. సింహాచలం కొండల వరుసకూ సముద్రానికీ మధ్య ఉన్న 52 పేర్లు తీసుకున్నాను. వాటిలో నీటినో, నీరు పారే పల్లాన్నో సూచించే ఉత్తరపదం ఉన్నవి 18. ప్రతి పేరుకూ మూడు సాక్ష్యాలు వెతికాను. మొదటిది పేరు, అంటే స్థానికుల నోట పలికే రూపం. బోర్డు మీది రూపాన్ని లెక్కలోకి తీసుకోలేదు. రెండోది రెవెన్యూ రికార్డు. భూమిని వాగు పోరంబోకుగానో చెరువు పోరంబోకుగానో నమోదు చేసిన చోట, ఇల్లు కట్టినా రోడ్డు వేసినా కాగితం మీద నీరు మిగిలే ఉంటుంది. మూడోది నేల వాలు, పెద్దల జ్ఞాపకం.

ఈ మూడోదాని గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే నేను పాఠం నేర్చుకున్నది అక్కడే. మొదటి రెండు వారాలు పెద్దలను "ఈ పేరుకు అర్థం ఏమిటి?" అని అడిగాను. ప్రతి ఒక్కరూ కథ చెప్పారు. రాముడు నడిచాడనో, రాణిగారి నగ పోయిందనో. కథలు బాగున్నాయి కానీ ఒక్కటీ నేలకు అతకలేదు. అప్పుడు మా పర్యవేక్షకురాలు ప్రశ్న మార్చమన్నారు. "పెద్దవాన వస్తే మీ వీధిలో నీళ్లు ఎటు పోతాయి?" అని అడగడం మొదలుపెట్టాను. ఆరిలోవలో పాలు పోసే డెబ్బై ఏళ్లు దాటిన ఒక అమ్మ, అరుగు దిగి, పుల్లతో మట్టిలో గీత గీసింది. కొండ ఇక్కడ, మా ఇల్లు ఇక్కడ, నీళ్లు ఇలా తిరిగి ఇలా పోయేవి అంది. ఇంటికి వెళ్లి ఆ గీతను పటంలోని ఎత్తుల రేఖలతో పోల్చి చూశాను. వంపుతో సహా సరిపోయింది. పేరు అర్థం ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫలితం: 18 పేర్లలో 11 చోట్ల మూడు సాక్ష్యాలూ కలిశాయి. 5 చోట్ల రెండే దొరికాయి. 2 చోట్ల పేరు తప్ప ఏమీ దొరకలేదు, వాటిని అనిర్ణీతాలుగా వదిలేశాను.

అన్నింటికన్నా తేటగా కనిపించినది లోవ. లోవ అంటే కొండల మధ్య లోయ. తుని దగ్గరి తలుపులమ్మ లోవ పేరులో ఉన్నది ఇదే మాట. ముడసర్లోవలో జలాశయం ఉంది. కొండల మధ్య పల్లం కాబట్టే నీరు అక్కడ నిలిచింది, పల్లం కాబట్టే పేరు అలా వచ్చింది. గెడ్డ విషయానికొస్తే, ఉత్తరాంధ్రలో చిన్న ఏటిని గెడ్డ అంటాం. మేఘాద్రిగెడ్డ, పెద్దగెడ్డ, వట్టిగెడ్డ జలాశయాల పేర్లలో ఆ మాట నేటికీ ఉంది. అయితే నగరంలో మురుగు పారే పెద్ద కాలువనూ గెడ్డ అనే అంటున్నాం. నీరు మారినా మాట మారలేదు. ధారకు మాధవధార ఉదాహరణ, కొండ మీది నుంచి దిగే నీటి వల్ల వచ్చిన పేరు.

చివరగా పేర్లు ఎలా పోతున్నాయో ఒక మాట. మువ్వలవానిపాలెం అన్న పేరు ఎం.వి.పి. కాలనీ అయింది. ఆ కాలనీలో పుట్టి పెరిగిన నా స్నేహితురాలికి ఆ మూడు అక్షరాల వెనక ఒక పాలెం ఉందని నేను చెప్పేదాకా తెలియదు. అది నీటి పేరు కాదు కనుక నా 18లో లేదు. కానీ వాకకూ గెడ్డకూ ఇదే జరిగితే పోయేది పేరు ఒక్కటే కాదు, నీరు ఎటు పారుతుందన్న సమాచారం కూడా. ఆ బాధతోనే ఈ పని చేశాను. ఇక మీ ప్రశ్నలు అడగవలసిందిగా కోరుతున్నాను.

బాహ్య పరీక్షకులు: ఉత్తరపదం నేలను చెబుతుందన్నారు. పట్నం అంటే సముద్రతీరపు ఊరు అని కూడా రాశారు. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, మచిలీపట్నం. బాగుంది. మరి గోపాలపట్నంలో సముద్రం ఎక్కడుందమ్మా?

విద్యార్థిని: లేదండీ. పట్నానికి రేవు ఊరు అన్న అర్థంతో పాటు, పెద్ద ఊరు అన్న అర్థమూ ఉంది. పల్లెల్లో "పట్నం వెళ్లాడు" అంటే రేవుకు వెళ్లాడని కాదు కదండీ. గోపాలపట్నం ఏ అర్థంతో వచ్చిందో నా దగ్గర ఆధారం లేదు. పేరు ఒక్కదాన్నే నమ్మకుండా మూడు సాక్ష్యాలు పెట్టుకున్నది ఇలాంటి చోట్ల తప్పటడుగు వేయకూడదనే. కానీ పట్నం గురించి మూడో పుటలో నేను రాసిన వాక్యం ఖండితంగా ఉంది. "తరచుగా" అన్న మాట అక్కడ చేర్చాలి. చేరుస్తాను.

బాహ్య పరీక్షకులు: గాజువాకలో గాజు ఏమిటి? గాజులమ్ముకునేవాళ్ల కథ చెబుతారు గదా.

విద్యార్థిని: చెబుతారండీ. నాకూ నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. నాలుగూ అనుబంధంలో లోకనిరుక్తులు అన్న శీర్షిక కింద ఉన్నాయి. వాక గురించి వాదించగలను. గాజు గురించి వాదించలేను, ఎందుకంటే దానికి కథ తప్ప పాత లిఖిత రూపం ఏదీ నాకు దొరకలేదు.

బాహ్య పరీక్షకులు: పాత లిఖిత రూపం అన్నారు కనుక అడుగుతున్నాను. సింహాచలం గుడిలో పదకొండో శతాబ్ది చివరి నుంచి శాసనాలున్నాయి. కులోత్తుంగ చోళుడి కాలం నాటిది ఉంది, 1516లో శ్రీకృష్ణదేవరాయలు వేయించినది ఉంది. దానాలిచ్చిన గ్రామాల పేర్లు శాసనాల్లోనే కదా దొరికేది. మీరు వాటి జోలికే పోలేదు.

విద్యార్థిని: ఇది నా పనిలోని పెద్ద లోపమండీ, ఒప్పుకుంటున్నాను. శాసన లిపి చదవడం నాకు రాదు. ముద్రిత పాఠాలను ఆధారం చేసుకోవచ్చని మొదట అనుకున్నాను. కానీ పాఠంలోని ఒక్క అక్షరం మీద నా నిర్ణయం ఆధారపడే చోట, ఆ అక్షరాన్ని స్వయంగా సరిచూసుకోలేని స్థితిలో దాన్ని సాక్ష్యంగా వాడటం సరికాదనిపించింది. అందుకే శీర్షికలో "వర్తమాన వ్యవహారం" అని పరిమితి పెట్టాను. ఈ పేర్లు ఎంత పాతవో నా ప్రాజెక్టు చెప్పదు. ఇప్పుడు ఉన్న పేరుకూ ఇప్పుడు ఉన్న నేలకూ పొత్తు ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది.

అంతర్గత పరీక్షకురాలు: గెడ్డ, గడ్డ ఒకటేనా? గడ్డ అంటే ఒడ్డు కూడా. ఏటి గడ్డ అంటాం. మీరు ప్రవాహం అనుకున్నది ఒడ్డు కావచ్చు కదా?

విద్యార్థిని: రెండింటికీ చుట్టరికం ఉందో లేదో తేల్చే పని నేను పెట్టుకోలేదు మేడమ్. వాడుకను మాత్రం చూశాను. నేను మాట్లాడిన పెద్దలు "గెడ్డ పొంగింది", "గెడ్డ ఎండింది", "గెడ్డలో బట్టలు ఉతికాం" అన్నారు. ఒడ్డు పొంగదు, ఎండదు. ఈ వాక్యాలను 29వ పుటలో చెప్పినవి చెప్పినట్టుగా ఇచ్చాను.

విభాగాధిపతి: 19 మంది పెద్దలను కలిశానన్నావు. పట్టికలో ఏడో వ్యక్తి వివరాలు చూస్తే మీ ఇంటివాళ్లలా ఉన్నారే?

విద్యార్థిని: మా నాయనమ్మ సార్. పట్టిక కింద ఆ సంగతి రాశాను. కానీ అక్షరాలు చిన్నవి, పైన రాసి ఉండవలసింది. ఆమె మాటను తీసేసి మళ్లీ లెక్క చూసుకున్నాను. ఒక్క పేరు మూడు సాక్ష్యాల జాబితా నుంచి రెండు సాక్ష్యాల జాబితాకు దిగుతుంది. 11 పది అవుతుంది, 5 ఆరు అవుతుంది. నా వాదన మారదు. మీరు తీసేయమంటే ఆ సవరించిన లెక్కనే ఉంచుతాను.

విభాగాధిపతి: రెండు లెక్కలూ ఉంచు. పక్కపక్కనే. చదివేవాళ్లు చూసుకుంటారు.

విద్యార్థిని: అలాగే సార్.

బాహ్య పరీక్షకులు: ఆఖరి ప్రశ్న. 37వ పుటలో పటం ఒకసారి తీయండి. కూడలి పేరు చదవండి.

విద్యార్థిని: హనుమంత... వాడ అని ఉందండీ.

బాహ్య పరీక్షకులు: మధురవాడలో వాడ వేరు, ఇక్కడ వాక వేరు అని మీరే ఒక అధ్యాయం రాశారు.

విద్యార్థిని: తప్పు పూర్తిగా నాదేనండీ. పటం గీసిన రోజు మధురవాడ పేరు రాసి, వెంటనే ఇది రాశాను, చేతికి అదే వచ్చింది. పాఠాన్ని నాలుగుసార్లు దిద్దాను కానీ పటాలను దిద్దలేదు. ఒక్క అక్షరం మారితే ఏరు పోయి వీధి మిగులుతుంది. 41వ పుటలోనూ ఇదే పటం చిన్నదిగా ఉంది. రెండూ సరిచేసి, సోమవారం లోగా కొత్త పుటలు కార్యాలయంలో అందజేస్తాను.